గోడ మీద మా కొట్టు పేరు ఎవరూ చదవట్లేదు, ఎక్కడ తప్పు జరిగింది?

పద్మనాభం_కుర్రోడు
మా మావయ్యకి పద్మనాభం మండలంలో ఒక ఊళ్ళో విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది, రెండేళ్ళ నుంచి నేనే చూస్తున్నాను. కొట్టు మెయిన్ రోడ్డు మీద కాదు, లోపల రావిచెట్టు దగ్గర. అందుకని పోయినేడు జూన్ లో రోడ్డు మలుపు దగ్గర ఒక మామ్మగారిని అడిగి ఆవిడ పశువులశాల గోడ మీద రాయించాం. దేవుడి పేరుతో కొట్టు పేరు, ఫెర్టిలైజర్స్ అండ్ పెస్టిసైడ్స్, కింద "అన్ని రకముల విత్తనములు, పురుగుమందులు, ఎరువులు సరసమైన ధరలకు లభించును", ఆ కింద మావయ్య పేరు, రెండు ఫోన్ నంబర్లు, ఓ పక్కన వరి కంకి బొమ్మ. ఎర్ర అక్షరాలు, తెల్ల గోడ. ఏడాది తిరక్కుండా ఎరుపు కాస్తా గులాబీ రంగు అయిపోయింది, కింద వరస పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. అది పోతే పోయింది, అసలు బాధేంటంటే పక్క ఊరి రైతు ఒకాయన రోజూ ఆ గోడ ముందు నుంచే బండి మీద వెళ్తాడు, మొన్న కొట్టుకొచ్చి "ఇక్కడ మందులు దొరుకుతాయని నాకు తెలీనే తెలీదు" అన్నాడు. మళ్ళీ రాయించాలి, ఈసారి డబ్బు గోడ పాలు కాకూడదు. ఏం రాయించాలి, ఎలా రాయించాలి?

చోడవరం_చెరుకు
ఎరుపు వెలిసిందంటే చవక రంగు వేసుంటాడు. మంచి కంపెనీ ఎనామెల్ కొనిచ్చి దగ్గరుండి రాయించు, పదేళ్ళు చెక్కు చెదరదు. అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యమను అంతే.

సత్తిబాబు_సరదా
మా ఊళ్ళో ఓ గోడ మీద "పురుగు" ఒక లైను "మందులు" ఒక లైను రాశారు. పై లైనుకి బీరపాదు అల్లుకుపోయింది. మిగిలింది "మందులు" పక్కన బాణం గుర్తు. సాయంత్రం ఆరయ్యేసరికి ఆ కొట్టు ముందు జనం చూడాలి 😂

మధురవాడ_మాధవి
నేను డిజైన్ పని చేస్తాను, ఫ్లెక్సీలు, ప్యాకెట్ లేబుళ్ళు. మీరు రాసిందంతా లెక్కపెట్టాను, నంబర్లు కాకుండానే ఇరవై మాటలకి దగ్గరగా ఉంది. బండి మీద పోయేవాడు అంత చదవడు. పసుపు మీద నలుపు పెట్టండి, దూరం నుంచి బాగా తేలుతుంది. మంచి బోల్డ్ ఫాంట్ ఒకటి ప్రింట్ తీసి పెయింటర్ కి ఇస్తే అలాగే దించేస్తాడు.

కుంచె_బాబాయ్
ముప్పై ఏళ్ళు గోడలు రాసినోణ్ణి, భీమిలి నుంచి ఎస్.కోట రోడ్డు దాకా నా చెయ్యి పడని ఊరు తక్కువ. మాధవమ్మ చెప్పిన మాటల లెక్క, పసుపు నలుపు రెండూ కరెక్టు. ఫాంట్ ప్రింట్ మాత్రం వద్దమ్మా, ఎందుకో తర్వాత చెప్తాను. కుర్రోడా ముందు మూడు సంగతులు చెప్పు. గోడ పొడవెంత ఎత్తెంత? రోడ్డు పక్కన వారగా ఉందా, వచ్చేవాడికి ఎదురుగా ఉందా? రంగు వెయ్యకముందు ఆ గోడకి ఏముంది, సున్నమా సిమెంటా?

పద్మనాభం_కుర్రోడు
పొడవు 18 అడుగులు ఎత్తు 8 బాబాయ్. మలుపులో ఉంది కాబట్టి విజయనగరం వైపు నుంచి వచ్చేవాళ్ళకి ఎదురుగానే కనబడుతుంది. గోడకి ఏటా సంక్రాంతికి సున్నం వేస్తారు మామ్మగారు. ఆ సున్నం మీదే రాశాడు.

గౌరి_గంట్యాడ
మాదీ రోడ్డు మీద గోడే. మేం ఊళ్ళో లేనప్పుడు ఎవడో సిమెంటు కంపెనీ వాడొచ్చి రాసిపోయాడు, అడగలేదు పెట్టలేదు. అది ఎలా చెరపాలో చెప్పండి ముందు. మూడుసార్లు సున్నం కొట్టినా లోపల్నించి నల్లగా అక్షరాలు కనబడుతున్నాయి.

కుంచె_బాబాయ్
గౌరమ్మా నీ గోడ సంగతి మళ్ళీ చెప్తాను, నీది వేరే రోగం.

కుర్రోడా, అక్కడే దొరికావు. సున్నం మీద ఎనామెల్ నిలవదు. చెరుకు గారూ మీరు చెప్పినట్టు ఎంత ఖరీదు డబ్బా తెచ్చినా నిలవదు. ఏటా సున్నం మీద సున్నం పడి అట్టు కడుతుంది, ఆ పైపొర గోడని పట్టుకుని ఉండదు, పిండిలా ఉంటుంది. ఎనామెల్ ఆ పిండిని పట్టుకుంటుంది తప్ప గోడని కాదు, ఎండకి బిగిసేసరికి పిండితో సహా ఊడొస్తుంది. రెండోది, సున్నంలో ఉండే ఘాటుకి ఎనామెల్ లో నూనె సబ్బులా అయిపోతుంది, తడి తగిలితే ఇంకా తొందరగా. రాలిన పెచ్చు ఒకటి తీసి వెనక్కి తిప్పి చూడు. వెనక తెల్లగా సున్నం అంటుకుని ఉంటే నేను చెప్పిందే జరిగింది.

పద్మనాభం_కుర్రోడు
ఇప్పుడే వెళ్ళి చూసొచ్చా బాబాయ్. గోరుతో లేపితే అప్పడంలా ఊడొచ్చింది, వెనకంతా సున్నమే, వేలితో రాస్తే పొడి అయిపోతుంది. కానీ పైన వరసలు అంత రాలలేదు, కింద రెండడుగులే దారుణం.

కుంచె_బాబాయ్
కింద చెమ్మ. పునాది నుంచి నీరు పైకి పాకుతుంది, పశువులశాల కదా లోపల్నించి గోమూత్రం తడి కూడా ఉంటుంది, ఉప్పు తేలుతుంది. గోడ అడుగున తెల్లగా నూగులా పట్టి ఉంటే అదే. అక్కడ ఏ రంగు వేసినా డబ్బు దండగ, వదిలెయ్యి. ఇంకో మాట, మామ్మగారు ఆ గోడకి పిడకలు కొడతారా?

పద్మనాభం_కుర్రోడు
కొడతారు 🙂 మా ఫోన్ నంబర్ల మీదే కొట్టారు. ఏమీ అనలేకపోయాం, గోడ ఆవిడది.

కుంచె_బాబాయ్
ఆవిడ తప్పేం లేదు. పిడకలు చెయ్యి అందే ఎత్తులోనే కొడతారు, కింద మూడడుగులు ఆవిడకి వదిలేసి మనం పైన రాసుకోవాలి. 8 లో 3 పోతే 5 అడుగులు, అంటే 60 అంగుళాలు. ఇప్పుడు లెక్క చూడు.

బండి నలభై స్పీడులో వస్తే సెకనుకి పదకొండు మీటర్లు. గుంతలు చూసుకుంటూ ఎదురు బండి చూసుకుంటూ వచ్చేవాడు నీ గోడకి మూడు సెకన్లు ఇస్తే గొప్ప. అంటే ముప్పై మూడు మీటర్లు, నూట పది అడుగుల దూరంలోనే వాడికి అక్షరం తెలియాలి. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు, ఇది మా గురువుగారు నేర్పిన లెక్క. ఆ లెక్కన పదకొండు అంగుళాలు రావాలి, మనం పది వేసుకుందాం. కానీ ఇంగ్లీషు అక్షరానికి పది అంటే పదే, తెలుగుకి అలా కుదరదు. పైన గుడి, ఏత్వం, తలకట్టు, కింద ఒత్తు. అక్షరం ఒళ్ళు పది అంగుళాలు ఉండాలంటే వరసకి ఇరవై అంగుళాలు ఇవ్వాలి. 60 లో ఎన్ని ఇరవైలు? మూడు. అంతే నీ గోడ. మూడు వరసలకి మించి ఒక్క మాట ఎక్కించినా అన్నీ చచ్చిపోతాయి.

సీడ్_సేల్స్_వైజాగ్
డబ్బు పెట్టుకోవడం ఎందుకు బ్రదర్, కంపెనీ వాళ్ళని అడగండి. సీజన్ కి ముందు మేం డీలర్లకి గోడలు ఫ్రీగా రాయిస్తాం. కింద మీ కొట్టు పేరు వేస్తారు.

చోడవరం_చెరుకు
ఫ్రీ అంటే ఫ్రీ కాదు గురూ. మా బావ కొట్టుకి అలాగే రాశారు. గోడలో ముప్పాతిక వంతు కంపెనీ విత్తనం పేరు, అడుగున మూరెడు పట్టీలో బావ కొట్టు పేరు. ఆ విత్తనం పక్క ఊరి కొట్లో కూడా దొరుకుతుంది, జనం అక్కడ కొన్నారు. మరుసటేడు ఆ రకం రావడమే మానేసింది, గోడ మాత్రం అలాగే ఉంది.

సీడ్_సేల్స్_వైజాగ్
అందరికీ అలా జరగదండి. కొత్త కొట్టుకి కంపెనీ పేరుంటే రైతుకి నమ్మకం వస్తుంది. అది కూడా చూడాలి.

మధురవాడ_మాధవి
బాబాయ్ గారూ ఫాంట్ ఎందుకు వద్దన్నారో చెప్పలేదు.

కుంచె_బాబాయ్
చెప్తానమ్మా. కంప్యూటర్ లో బోల్డ్ అంటే అక్షరం అన్ని వైపులా లావెక్కుతుంది. దగ్గర్నించి బాగుంటుంది. వంద అడుగుల దూరం నుంచి చూస్తే తెలుగు అక్షరం లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. "మందులు"లో సున్నా ఉంది చూడు, దాని బొక్క పూడిపోతే నల్ల చుక్క అయిపోతుంది. "ప" మీద తలకట్టుకీ ఒంటికీ మధ్య సందు పోతే అది "వ"నో "ప"నో తెలీదు. గోడ మీద మేం గీత ఎంత లావు వేస్తామంటే, అక్షరం ఒళ్ళు పది అంగుళాలైతే గీత రెండు అంగుళాలు, అంతకు మించం. లోపలి ఖాళీ గీత కంటే ఎక్కువ వెడల్పుండాలి. లావు సరిపోలేదనిపిస్తే అక్షరాన్ని వెడల్పుకి సాగదీస్తాం, గీతని లావు చెయ్యం. ఇంకోటి, రోడ్డు పక్కన వారగా ఉన్న గోడైతే వచ్చేవాడికి అక్షరాలు నలిగి సన్నగా కనబడతాయి, దానికి ఒకటిన్నర రెట్లు అడ్డంగా సాగదీసి రాయాలి. దగ్గర నిలబడి చూస్తే పొట్టిగా లావుగా వికారంగా ఉంటుంది, బండి మీద వచ్చేవాడికి సరిగ్గా ఉంటుంది. ప్రింట్ లో ఇది రాదు.

మధురవాడ_మాధవి
ప్రింట్ ని సాగదీయొచ్చు, కానీ సాగదీస్తే నిలువు గీతలు లావెక్కిపోతాయి, మీరన్నది నిజమే. సున్నా బొక్క సంగతి నాకు స్క్రీన్ మీద ఎప్పుడూ తట్టలేదు. రేపటి నుంచి ఫ్లెక్సీలకి కూడా దూరం నుంచి చూసి సరిచేస్తాను.

రిటైర్డ్_ఏవో
అక్షరాల సంగతి నాకు తెలియదు, మాటల సంగతి ఒకటి చెప్పాలి. బాబూ, మీ గోడ మీద "ఎరువులు" అని ఉంది. మీ కొట్టుకి ఎరువుల లైసెన్సు ఉందా? విత్తనాలకి 1983 ఆర్డర్ కింద, పురుగుమందులకి 1968 చట్టం కింద, ఎరువులకి 1985 ఆర్డర్ కింద, మూడూ వేరు వేరు. పెయింటర్లు అలవాటు కొద్దీ మూడు మాటలూ కలిపి రాసేస్తారు. నేను డ్యూటీలో ఉండగా ఒక ఊళ్ళో గోడ చూసి కొట్టుకి వెళ్ళి యూరియా కాగితాలు చూపించమని అడిగితే, పాపం ఆయన "మేం అసలు అమ్మం సార్, గోడ మీద ఊరికే రాశారు" అన్నాడు.

పద్మనాభం_కుర్రోడు
లేదు సార్, విత్తనాలు, పురుగుమందులు రెండే ఉన్నాయి. ఎరువులు తీయించేస్తాను. కొట్టు పేర్లో ఫెర్టిలైజర్స్ అని ఉంది, అదేం చెయ్యాలి?

రిటైర్డ్_ఏవో
గోడ మీద మాత్రం వెయ్యకండి. కొట్టు పేరు సంగతి మీ మండలం వ్యవసాయాధికారి, అదే ఏవో గారిని ఒకసారి అడిగి తేల్చుకోండి. ఇంకో మాట, కొంతమంది పురుగుమందు డబ్బా మీద ఉండే ఎరుపు డైమండ్ గుర్తు గోడ మీద అందంగా ఉంటుందని గీయిస్తారు. అది విషం ఎంత తీవ్రమో చెప్పే గుర్తు. ఎరుపు అన్నిటికంటే తీవ్రం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. దాన్ని కొట్టు గుర్తులా వాడితే రైతు డబ్బా మీద చూసినప్పుడు పట్టించుకోడు.

కుంచె_బాబాయ్
ఏవో గారు పని తేలిక చేశారు. "ఫెర్టిలైజర్స్ అండ్ పెస్టిసైడ్స్" పోతే నాకు పండగే, ఎన్ని ఒత్తులు, ఎన్ని పొల్లులు! ఒత్తు చిన్నదిగా రాస్తే కనబడదు, పెద్దదిగా రాస్తే కింద వరసలోకి దిగుతుంది. "పురుగుమందులు" చూడు, ఒక్క ఒత్తు లేదు, అన్నీ కొమ్ములే, కొమ్ములు పక్కకి పోతాయి కాబట్టి కిందా పైనా జాగా అడగవు. గోడకోసం పుట్టిన మాట అది. "విత్తనాలు"లో ఒకటే ఒత్తు. "విత్తనములు" అని పుస్తకం భాష వద్దు, ఒక అక్షరం దండగ.

చోడవరం_చెరుకు
మరి కొట్టు పేరు లేకపోతే ఎలా? పేరు కోసమే కదా రాయించేది.

పద్మనాభం_కుర్రోడు
నిజం చెప్పాలంటే చెరుకు గారూ, మా కొట్టు పేరు బిల్లు మీద తప్ప ఎవరి నోటా వినలేదు. ఊళ్ళో అందరూ "రావిచెట్టు కొట్టు" అంటారు. పిల్లల్ని పంపించేటప్పుడు కూడా "రావిచెట్టు కాడికెళ్ళి పొట్లం పట్రా" అనే అంటారు.

కుంచె_బాబాయ్
అయితే రాసుకో. మొదటి వరస "విత్తనాలు". రెండో వరస "పురుగుమందులు". మూడో వరస "రావిచెట్టు దగ్గర", చివర బాణం. నాలుగు మాటలు.

18 అడుగుల్లో రెండు వైపులా అడుగు వదిలితే 16. "పురుగుమందులు" ఆరక్షరాలు, ఒక్కోదానికి రెండున్నర అడుగుల పైనే వస్తుంది, హాయిగా పరుచుకుంటుంది. దానికి ఒత్తు లేదు కాబట్టి వరస పదహారు అంగుళాలు చాలు. మిగిలిన నాలుగు అంగుళాలు పైన ఇచ్చెయ్యి, "త్త" ఒత్తు దిగడానికి జాగా దొరుకుతుంది. మూడో వరసలో "ట్టు", "గ్గ" రెండు ఒత్తులున్నాయి, దానికి ఇరవై ఉంచు.

సత్తిబాబు_సరదా
మా ఊరి గోడకి కూడా ఒకే వరసలో రాయాల్సింది బాబాయ్. బీరపాదు వచ్చినా పురుగూ మందూ కలిసే పోయేవి.

పద్మనాభం_కుర్రోడు
వరి రకాల పేర్లు రాయొద్దా? రైతులు వచ్చి పేరు అడగరు, నంబరు అడుగుతారు. 1121 ఉందా, 1001 ఉందా, 2537 ఉందా అని. నంబరు అయితే తొందరగా చదువుతారు కూడా.

చోడవరం_చెరుకు
ఇది మంచి మాట. మా వైపు శ్రీకాకుళం సన్నాలు అంటే కొందరికి తట్టదు, 2537 అంటే ఠక్కున పడతారు.

కుంచె_బాబాయ్
నంబరు గోడ మీద బాగా పలుకుతుంది, ఒప్పుకుంటా. కానీ రంగు రెండు మూడేళ్ళు ఉంటుంది, నీ దగ్గర సరుకు రెండు నెలలు ఉంటుంది. ఆగస్టులో ఊడుపులు అయ్యాక 1121 అని గోడ చూసి వచ్చినవాడికి లేదని చెప్తే మళ్ళీ రాడు. కొట్టు ముందు గోడకి నాలుగడుగుల నల్లరంగు పలక వేయించి సుద్దముక్కతో రాసుకో.

రిటైర్డ్_ఏవో
విత్తనాల స్టాకు, ధరలు కొట్టు దగ్గర రోజూ రాసి పెట్టడం ఎలాగూ రూలే. ఆ పలక దానికి కూడా పనికొస్తుంది.

సీడ్_సేల్స్_వైజాగ్
ఫోన్ నంబరు లేకుండా యాడ్ ఏంటండీ? ఈ రోజుల్లో రైతు ముందు ఫోన్ చేసి సరుకుందో లేదో కనుక్కుని బయల్దేరతాడు.

కుంచె_బాబాయ్
మూడు సెకన్లలో పదంకెలు ఎవడు గుర్తుపెట్టుకుంటాడయ్యా. బస్టాపు ఎదురు గోడైతే, టీ కొట్టు పక్క గోడైతే రాస్తాను, అక్కడ మనిషి నిలబడతాడు. అప్పుడు కూడా ఐదంకెలు ఒక గుంపు, ఐదంకెలు ఒక గుంపు.

సీడ్_సేల్స్_వైజాగ్
నేను ఒప్పుకోను. బండి ఆపి ఫొటో తీసుకునేవాళ్ళని నేనే చూశాను.

కుంచె_బాబాయ్
ఇక రంగు పని. ఈ గోడకి గీకుడే సగం పని. ఇనప బ్రష్ తో సున్నం మొత్తం గీకించు, తర్వాత కొబ్బరిపీచు పెట్టి నీళ్ళతో కడిగించు. ఆరాక అరచెయ్యి గట్టిగా రాసి చూడు, తెల్లగా అంటుకుంటే ఇంకా ఉంది, మళ్ళీ గీకు. చెయ్యి శుభ్రంగా వచ్చేదాకా రంగు డబ్బా మూత తియ్యనివ్వకు. తర్వాత గోడలో తడి ఉందేమో చూడాలి. పాలిథిన్ కవరు ముక్క ఒకటి గోడకి పెట్టి నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా వదిలెయ్యి, పొద్దున్న లోపల చెమట పడితే ఇంకో వారం ఆగు. అప్పుడు సిమెంటు ప్రైమర్ ఒక కోటు, దాని మీద పసుపు, బయట గోడలకి వేసే ఎమల్షన్ రెండు కోట్లు, కోటుకీ కోటుకీ నాలుగైదు గంటలు. అక్షరాలు కూడా నల్ల ఎమల్షనే. ఎనామెల్ అంత మెరవదు, కానీ గోడ ఊపిరి పీలుస్తుంది, తడి బయటికి పోతుంది.

ఎరుపు మీద మనసుంటే రెడ్ ఆక్సైడ్ వాడు, ఆ ఇటుక రంగు ఎండకి వెలవదు. నువ్వు వేయించిన మెరిసే ఎరుపు మన ఎండకి ఏడాది కూడా ఆగదు. పసుపులో కూడా నిమ్మపండు రంగు కాకుండా గుమ్మానికి రాసే పసుపు లాంటిది తీసుకో.

పని మాత్రం వానలు పడకముందే, ఏప్రిల్ మేలలో, పొద్దున్న పది లోపల, సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యాహ్నం ఎండలో కుంచె గోడకి తగలగానే ఆరిపోతుంది, గీత తెగిపోతుంది. నువ్వు జూన్ లో రాయించావు, తొలకరి తడి గోడలోనే ఉండగా మూత వేసినట్టయింది.

గౌరి_గంట్యాడ
నా గోడ మర్చిపోయారు బాబాయ్.

కుంచె_బాబాయ్
మర్చిపోలేదమ్మా. నీ గోడ మీద నల్ల ఎనామెల్ ఉంది, దాని మీద సున్నం పల్చగా పడుతుంది, వానకి కొట్టుకుపోతుంది. ముందు ఆ నలుపుని గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దించు, ప్రైమర్ వేసి అప్పుడు ఎమల్షన్ వెయ్యి. అక్షరాల మీదే కాదు, గోడంతా, లేదంటే ఏడాదికి దెయ్యంలా మళ్ళీ తేలతాయి.

గౌరి_గంట్యాడ
వాడు రాసినదానికి నేను ఖర్చు పెట్టుకోవాలన్నమాట. ఫోన్ చేస్తే కాంట్రాక్టర్ ని అడగండి అంటున్నారు. కుర్రోడు బాబూ, మీ మామ్మగారికి కాగితం రాసిచ్చారా, నోటిమాటేనా?

పద్మనాభం_కుర్రోడు
నోటిమాటేనండీ. ఏటా ఒక బస్తా తవుడు ఇస్తాం. ఈసారి ఎన్నేళ్ళు ఉంచుతామో, ఇల్లు అమ్మినా గోడ పడగొట్టినా అడగం అని కాగితం రాసిస్తాను.

పద్మనాభం_కుర్రోడు
నెల తర్వాత వస్తున్నా, పని అయింది. గీకడానికే ఇద్దరు మనుషులకి రెండు రోజులు పట్టింది, లోపల ఎన్ని పొరలో, నీలం కలిపిన సున్నం ఒకటి, గులాబీ ఒకటి. అరచెయ్యి మూడోసారికి శుభ్రంగా వచ్చింది. కవరు పెడితే మొదటి రాత్రి చెమట పట్టింది, ఎనిమిది రోజులు ఆగాం. పెయింటర్ నలుపు దారం కొట్టి బొగ్గుతో గీసుకున్నాడు. "మందులు"లో సున్నా చిన్నగా గీస్తే బాబాయ్ మాట గుర్తొచ్చి చెరిపించాను, ఇప్పుడు ఆ బొక్కలో నా పిడికిలి పడుతుంది. నిన్న సాయంత్రం కల్వర్టు దగ్గర నిలబడి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాను, నూట ముప్పై అడుగుల నుంచి "పురుగుమందులు" స్పష్టంగా తెలుస్తోంది, "రావిచెట్టు" నూరు దగ్గర.

ఒక్కటే చిక్కు. మావయ్య "కొట్టు పేరు లేదు, కనీసం ఫోన్ నంబరైనా వేయించు" అని పట్టుబట్టాడు, ఇంకా గొడవ నడుస్తోంది.

సీడ్_సేల్స్_వైజాగ్
మీ మావయ్యని నా దగ్గరకి పంపండి 👍

కుంచె_బాబాయ్
ట్టు ఒత్తు ఎంత కిందకి దించాడు? మూడడుగుల గీత దాటిందా?

పద్మనాభం_కుర్రోడు
రెండంగుళాలు దాటింది బాబాయ్. మామ్మగారు నిన్ననే దాని పక్కన మొదటి పిడక కొట్టారు. ఒత్తు మీద పడకుండా చూసుకుని కొట్టారు.